సూదా, ఫోర్కా, సుత్తా: సగం తెగిన వెన్నుపామును పట్టేది ఏది?

విశాఖలో మా వైద్య విద్యార్థులకు ఏటా ఒకే రోగిని అప్పగిస్తాను. అతను నేను కల్పించిన మనిషి. ఫిషింగ్ హార్బరులో పని. ఒక గొడవలో వీపు మీద, వెన్నెముకను ఆనుకుని, రెక్క ఎముక కింది కొన ఎత్తులో కత్తిపోటు తగిలింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రేవుకు వచ్చాడు. కుడి కాలు ఈడుస్తున్నాడు. చేపల పెట్టెల నుంచి కారే మంచునీళ్లలో చెప్పుల్లేకుండా నిలబడితే బలం లేని కుడి పాదం జివ్వుమంటోంది. ఒళ్లంతా మోస్తున్న ఎడమ పాదానికి మాత్రం చలే తెలియడం లేదు.

వెన్నుపాము ఏ పక్కన తెగింది? ఎంత ఎత్తులో తెగింది? చేతిలో మూడు పరికరాలున్నాయి: సుత్తి, ట్యూనింగ్ ఫోర్క్, గుండుసూది. దేన్ని నమ్మాలి?

ముందుగా అడ్డకోత ఒకటి గీసుకోండి. చిటికెన వేలంత మందం, మధ్యలో సీతాకోకచిలుకలా బూడిదరంగు పదార్థం, చుట్టూ తెల్లని తంతువులు. వెనుక భాగంలో డార్సల్ కాలమ్, పక్కన కార్టికోస్పైనల్ ట్రాక్ట్, పక్కకూ ముందుకూ మధ్యన స్పైనోథలామిక్ ట్రాక్ట్. మూడూ ఎక్కడో ఒకచోట అవతలి పక్కకు దాటేవే. ఆ చోటు ఏదన్నదే అసలు కీలకం.

సుత్తి పరీక్షించేది కార్టికోస్పైనల్ దారిని. మెదడు నుంచి దిగే ఈ తంతువుల్లో పదింట తొమ్మిది మెదడు అడుగున ఉండే మెడుల్లాలోనే దాటేసి, ఆపైన కండరమున్న పక్కనే దిగుతాయి. కాబట్టి కుడి సగం తెగితే కుడి కాలే పడిపోతుంది. వారాలు గడిచాక కుడి మోకాలి మీద కొడితే కాలు ఎగిరిపడుతుంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. కానీ గాయమైన తొలి రోజుల్లో స్పైనల్ షాక్ వల్ల ఆ కాలు మెత్తగా వేలాడుతుంది, సుత్తికి ఉలకదు. అప్పుడు సుత్తిని పక్కన పెట్టి, కాలు ఎత్తమని అడగడమే నయం.

ఫోర్క్ వంతు డార్సల్ కాలమ్‌ది. కంపనం, కీలు ఏ భంగిమలో ఉందన్న తెలివిడి కాలి నుంచి వచ్చిన పక్కనే పైకెక్కి మెడుల్లాలో దాటుతాయి. 128 హెర్ట్జ్ ఫోర్కును మోగించి కుడి బొటనవేలి ఎముక మీద ఆనిస్తే మనవాడు 'ఇనుము తగులుతోంది, అంతే' అంటాడు. ఎడమవైపు 'గుయ్‌మంటోంది' అంటాడు. పక్కను తేల్చడానికి నా ఓటు దీనికే. అయితే మధుమేహం ఉన్నవారికీ, వయసు పైబడినవారికీ రెండు పాదాల్లోనూ కంపనం తగ్గి ఉండవచ్చు. రెండు కాళ్ల మధ్య తేడానే చూడాలి.

ఇక సూది. నొప్పి, వేడి, చలి మోసే తంతువులు మెడుల్లా దాకా ఆగవు. వెన్నుపాములోకి వచ్చిన చోటుకు ఒకటి రెండు ఖండాలు పైకెళ్లేలోపే అవతలి పక్కకు దాటి ఎక్కుతాయి. ఎడమ పాదం చలి కుడి సగంలో ప్రయాణిస్తోందన్నమాట. మంచునీళ్ల చిక్కు ఇక్కడే విడిపోయింది.

సూదితో తప్పు జరిగేదీ ఇక్కడే. ఎడమ పాదం నుంచి గుచ్చుతూ పైకి వస్తే పొత్తికడుపు దాకా నొప్పి లేదు, బొడ్డు దాపుకు వచ్చేసరికి ఉంది. విద్యార్థి గబుక్కున 'టి12 దగ్గర గాయం', అంటే ఛాతీ భాగపు పన్నెండో ఖండం దగ్గర, అని రాసేస్తాడు. అది కిందికి జరిగిన లెక్క. టి10, టి11 తంతువులు గాయం పైన దాటి తప్పించుకున్నవి కావచ్చు. గాయం ఒకటి రెండు ఖండాలు పైన ఉంటుంది. సరిచూసుకోవాలంటే సూదిని కుడివైపుకూ తీసుకెళ్లాలి. అక్కడ బొడ్డు ఎత్తులో సన్నటి పట్టీలా ఒక చోట దూది, సూది, చలి ఏవీ తెలియవు, ఎందుకంటే తెగిన చోట లోపలికొచ్చే నరాల వేళ్లే పోయాయి. బొడ్డు టి10. గాయం అక్కడే.

'మరి కత్తి దిగింది రెక్క ఎముక కొన దగ్గర కదా, అది ఏడో పూస' అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. వెన్నెముక కంటే వెన్నుపాము పొట్టి, నడుము మొదట్లోనే ముగుస్తుంది. అందుకే ఆ ఎత్తులో పూస సంఖ్యకు సుమారు మూడు కలిపితే ఖండం సంఖ్య వస్తుంది.

కాబట్టి పక్కకు ఫోర్క్, ఎత్తుకు సూది, అదీ రెండు వైపులా. దూదిని ఒంటరిగా నమ్మకండి. తేలికపాటి స్పర్శ రెండు దారుల్లోనూ వెళ్తుంది కనుక సగం తెగినా చాలావరకు మిగిలే ఉంటుంది. ఇంత శుభ్రంగా సగమే తెగిన రోగి అరుదు. కత్తి గీత గీసినట్టు మధ్యలో ఆగదు. కుడి కాలు ఎక్కువా ఎడమ కాలు కాస్తా బలహీనపడి, మూత్రం కూడా బిగిస్తే గాయం మధ్యగీత దాటిందని అనుమానించాలి.