టోట్ బోర్డు మీద రేటు చూసి టికెట్ కొనకండి

నిన్నటి నుంచి ఒళ్లు మండిపోతోంది. గుర్రపు రేసుల్లో పందెం టికెట్లు అమ్మే టోట్ కౌంటర్ దగ్గర జరిగింది చెబుతాను, నేరుగా విషయానికి వస్తున్నాను.

నాలుగో రేసుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను అనుకున్న గుర్రానికి టోట్ బోర్డు పది రూపాయలకు 80 వస్తుందని చూపిస్తోంది. సొంతంగా పందేలు తీసుకునే బుకీలు మాత్రం ఫోర్ టు వన్ ఇస్తున్నారు, అంటే పెట్టిన పదీ కలిపి 50. టోటే మేలనుకుని వెయ్యికి విన్ టికెట్ కొన్నాను. గుర్రం గెలిచింది. ఎనిమిది వేలు అనుకుంటూ కౌంటర్‌కు వెళితే 2,500 చేతిలో పెట్టారు. డివిడెండ్, అంటే పది రూపాయలకు చివరికి ఇచ్చేది, 25 అట.

"బోర్డులో 80 ఉంది కదండీ" అన్నాను. కౌంటర్‌లో ఉన్నాయన తలెత్తి చూడలేదు. "అది అప్పటి సంగతి. లెక్క తెలియనివాళ్లు ఎందుకొస్తారు? జరగండి" అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా విన్నారు. గెలిచిన టికెట్ పట్టుకుని దొంగలా పక్కకు జరగాల్సి వచ్చింది. ఆ ఒక్క మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. తెలుసుకోకుండా వెయ్యి పెట్టింది నేనే, ఆ తప్పు నాదే. కానీ అడిగితే చెప్పడానికి రెండు నిమిషాలు చాలు కదా!

ఆ రెండు నిమిషాలూ బయట ఒక పెద్దాయన ఇచ్చారు. టోట్ మనకు రేటు ఇవ్వదు. అందరి డబ్బూ ఒక పూల్‌లో వేసి, కమిషను, పన్నులు తీసేసి, మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతుంది. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లర్ పెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పెద్దాయన అంకెలు వేసి చూపించారు. నేను కొన్నప్పుడు పూల్ 40,000, అందులో నా గుర్రం మీద 4,000 అనుకోండి. ఇరవై శాతం కోత పోతే 32,000. పదికి 80 అలా వచ్చింది. పందేలు తీసుకోవడం ఆపేసరికి పూల్ లక్ష అయింది, నా గుర్రం మీద 31,000 చేరింది. కోత పోగా ఉన్న 80,000ను ఆ 31,000కు పంచితే పదికి 25.80. పైసలు తీసేసి 25 ప్రకటించారు.

పెద్ద డబ్బు ఆఖరి రెండు మూడు నిమిషాల్లోనే పడుతుందట. మన టికెట్ మీద రేటు రాసి ఉండదు, అందరికీ ఒకటే డివిడెండ్. బుకీ దగ్గరైతే కొన్నప్పటి రేటే ఖాయం. అదే వెయ్యికి 5,000 వచ్చేది.

అందుకే చెబుతున్నా, బోర్డులో రేటుతో పాటు పూల్ మొత్తం ఎంతుందో చూడండి. అది చిన్నగా ఉండి, బుకీలు అదే గుర్రానికి బాగా తక్కువ ఇస్తున్నారంటే, అసలు డబ్బు ఇంకా పూల్‌లోకి రాలేదని అర్థం. టోట్‌లోనే ఆడాలనుకుంటే పందేలు తీసుకోవడం ఆపే ముందు దాకా ఆగండి. అప్పటికీ చివరి అంకె మారవచ్చు.