కీవర్డులతో చరిత్ర జవాబులు దిద్దిస్తే: చాలాకాలం వాడాక

కీవర్డుల దిద్దుడు అంటే, మనమిచ్చిన జాబితాలోని మాటలు జవాబులో అక్షరాలా ఉన్నాయా అని కంప్యూటర్ వెతికి మార్కులు వేయడం. ఒక్క పేరో, ఒక్క సంవత్సరమో జవాబైతే దీనికి వంక పెట్టలేం. రెండు మూడు వాక్యాల జవాబులు ఇచ్చామో, విషయం తెలిసిన పిల్లలకే సున్నాలు పడతాయి.

మన డెల్టా పిల్లలకు బాగా తెలిసిన ప్రశ్నే తీసుకుందాం: గోదావరి డెల్టాలో మాగాణి సాగు పెరగడానికి కారణమైన కట్టడం గురించి రాయండి. నాలుగు మార్కులు. జాబితాలో కాటన్, ధవళేశ్వరం, ఆనకట్ట, 1852. ఒక్కోదానికి ఒక మార్కు. ఒక జవాబు ఇలా ఉంటుంది:

"రాజమండ్రి దిగువన ధవళేశ్వరానికి ఆనుకుని కాటను దొర నదికి అడ్డంగా ఆనికట్టు కట్టించాడు. 1847లో మొదలైన పని ఐదేళ్లకు పూర్తయింది. కాలువలు రావడంతో మెట్ట భూములు మాగాణి అయ్యాయి."

దీనికి వచ్చేది సున్నా. "ధవళేశ్వరం" చివరి సున్న "కి" చేరగానే పోయి "రా" అయింది. "కాటన్"లో పొల్లు ఉన్నచోట "కాటను"లో కొమ్ము ఉంది. ఆనికట్టులో "ని" అడ్డొచ్చింది. 1852 అంకెల్లో లేదు, లెక్కలో ఉంది. అదే "కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852" అని నాలుగు ముక్కలు పడేసిన పిల్లాడికి నాలుక్కి నాలుగు!

మాట మొత్తం కాకుండా, విభక్తి చేరినా మారని ముక్కనే జాబితాలో పెట్టాలి. రెండు మూడు రకాలుగా రాసేవాటిని ఒకే వరుసలో, ఒకే మార్కు కింద ఉంచాలి. నిలువు గీతకు "లేదా" అని అర్థం:

```
కాటన
ధవళేశ్వర|దవళేశ్వర
ఆనకట్ట|ఆనికట్ట|అడ్డుకట్ట
```

ఈ మార్పుతో పై జవాబుకు మూడు మార్కులు వస్తాయి. బ్యారేజీ అన్న మాటను ఇందులో చేర్చకపోవడమే మేలు, అది పాత ఆనకట్ట స్థానంలో 20వ శతాబ్దంలో వచ్చిన కట్టడం. ముక్కను మరీ కుదించినా ముప్పే. "కాట" అని పెడితే "కరువు కాటకాలు" అన్నవాడికీ కాటన్ మార్కు పడుతుంది. "కాటన" పెట్టినా "కాటన్ మిల్లు" దూరిపోతుంది, కానీ ఈ ప్రశ్నకు ఆ మాట రాసేవాళ్లు అరుదు.

సంవత్సరానికి మాత్రం ఇలాంటి మందు లేదు. "1852లో పని మొదలైంది" అన్న తప్పుకూ మార్కు పడుతుంది. "పూర్త" కూడా ఉండాలని షరతు పెడితే "ముగిసింది" అని రాసినవాడు పోతాడు. అందుకే పూర్తయిన సంవత్సరాన్ని వేరే గడిలో, వేరే ప్రశ్నగా అడగడమే దారి.

మార్కులు ఖరారు చేసేముందు సున్నా, ఒకటి వచ్చిన జవాబులను పొడవు ప్రకారం పేర్చి, పొడుగువి ముందు చదవాలి. అన్యాయంగా పోయిన మార్కులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. పూర్తి మార్కులొచ్చిన వాటిలో మరీ పొట్టివీ చూడాలి. క్రియాపదం లేని జవాబైతే మాటలు బట్టీ పట్టినట్టే. అంత చదివే తీరిక లేని పరీక్షకు ఈ పద్ధతి పెట్టకండి.