నర్సింగ్ ఫౌండేషన్ సెమిస్టర్ ప్లాన్: యూనిట్ల వరుసా, వార్డు వరుసా, ఏది మేలు?

బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో నర్సింగ్ ఫౌండేషన్‌కు థియరీ 120 గంటలు, స్కిల్ ల్యాబ్ 80, క్లినికల్ 160. వీటిని 20 వారాలకు సర్దాలి. చాలామంది టీచర్లు సిలబస్‌లో యూనిట్లు ఎలా ఉంటే అలాగే వారాలకు పంచేస్తారు. సిలబస్ ఎంత అయిందో చూపడం సులభం, ఇంటర్నల్ పేపరు తయారీ కూడా తేలిక.

చిక్కు వార్డులో వస్తుంది. సిలబస్ వరుసలో వైటల్ సైన్స్ తరువాత గానీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ రాదు. పోస్టింగు ముందే మొదలైతే, చేతులు ఎప్పుడు కడుక్కోవాలో నేర్వకుండానే పిల్లలు ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి పల్స్ చూస్తూ వెళ్తారు.

రెండో పద్ధతి వార్డు వరుస, అంటే వార్డులో ముందు అవసరమయ్యేవే ముందు నేర్పడం. ఇందులో మొదటి నాలుగు వారాలు పోస్టింగే ఉండదు. వారానికి 8 గంటల చొప్పున ల్యాబులో 32 గంటలు అయిపోతాయి. మిగతా 16 వారాల్లో వారానికి ల్యాబ్ 3 గంటలు, క్లినికల్ 10 గంటలు పెడితే లెక్క సరిపోతుంది. చేతుల శుభ్రత, పేషెంటుతో మాట్లాడే తీరు, వైటల్ సైన్స్ ముందుకొస్తాయి. నర్సింగ్ చరిత్ర వెనక్కి వెళ్తుంది. దానివల్ల పేషెంటుకు నష్టమేమీ లేదు.

ఈ పద్ధతిలో వారం లక్ష్యం రాసే తీరు కూడా మారాలి. నాలుగో వారానికి ‘బీపీ గురించి తెలుసుకుంటారు’ అని రాస్తే ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఎలా తేలుతుంది? నేనైతే ఇలా రాస్తాను: ‘చేతికి సరిపడే కఫ్ ఎంచుకుని, ముందు పల్స్ పట్టుకుని సిస్టోలిక్ అంచనా వేసి, దానికి 30 మి.మీ. పైదాకా గాలి ఎక్కించి, సెకనుకు 2, 3 మి.మీ. చొప్పున దించుతూ తోటి విద్యార్థి బీపీ చూస్తారు. రీడింగు టీచరు రీడింగుకు 4 మి.మీ. లోపు తేడాతో ఉండాలి.’ రెండు జతల చెవిగొట్టాలున్న టీచింగ్ స్టెతస్కోపుతో ఇద్దరూ ఒకేసారి వింటే నిజం తెలిసిపోతుంది. అందరికీ 120/80, 110/70 అంటూ సున్నాతో ముగిసే అంకెలే వస్తున్నాయంటే, వినకుండా అంచనాగా రాస్తున్నారేమోనని అనుమానించాలి. అలాంటివాళ్లతో మళ్లీ చేయించాకే వార్డుకు పంపాలి.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. యూనిట్లు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఏ గంట ఏ యూనిట్‌దో పక్కన రాసుకోకపోతే చివర్లో ఏదో ఒకటి మిగిలిపోతుంది. ల్యాబులో మానికిన్లు, బీపీ ఆపరేటస్‌లు తక్కువైతే తొలి నాలుగు వారాల్లో బ్యాచ్‌లు తిప్పాలి. అందుకు టీచర్లు సరిపోవాలి. అడ్మిషన్లు ఆలస్యమై వారాలు తగ్గినా ఆ మొదటి నాలుగు వారాలను మాత్రం కుదించకూడదు.

నా ఓటు వార్డు వరుసకే. టీచర్లు మరీ తక్కువున్న కాలేజీలో యూనిట్ల వరుసే ఉంచుకోవాల్సి వస్తే, ఇన్ఫెక్షన్ కంట్రోల్ యూనిట్ నుంచి చేతుల శుభ్రత ఒక్కటైనా రెండో వారానికి తెచ్చి, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగడం ప్రతి ఒక్కరి చేతా చేయించి చూడాలి.