గ్రంథాలయం ముద్రలో 'థ' నిలిచిందా: మూడు స్టాంపులు, నాలుగేళ్లు

మా ఊరి గ్రంథాలయానికి నాలుగేళ్లలో మూడు రబ్బరు స్టాంపులు చేయించాను. మూడూ గుండ్రటివే, 38 మిల్లీమీటర్ల వ్యాసం, ఊదా సిరా. మొదటి రెండూ ఒక్క అక్షరం దగ్గరే దెబ్బతిన్నాయి. 'గ్రంథాలయం'లోని థ.

ద కింద చిన్న గీత పెడితే ధ. దాని కడుపులో చుక్క పెడితే థ. ఆ చుక్క పోయిందంటే ప్రతి పుస్తకం మీదా మనమే 'గ్రంధాలయం' అని తప్పుగా అచ్చు వేసినట్టు. పిల్లలు అక్షరాలు నేర్చుకునే పుస్తకాల మీద ఆ తప్పు పడటం నాకు మనసొప్పలేదు.

మొదటిది పాలిమర్ స్టాంపు. డిజైను నేనే గీశాను. రెండు వలయాలు, వాటి మధ్య ఊరి పేరు, గ్రంథాలయం, మండలం, జిల్లా, పిన్ కోడు. నడుమ తెరిచిన పుస్తకం, దాని పుటలకు వెంట్రుకల్లాంటి గీతలు. కంప్యూటర్ తెర మీద ఎంత ముచ్చటగా ఉందో! పాలిమర్ పద్ధతిలో ఫిల్మ్ గుండా అతినీలలోహిత కాంతి పడిన చోట పదార్థం గట్టిపడుతుంది, మిగతాది కడిగేస్తారు. గీత మరీ సన్ననిదైతే దాని మొదలు గట్టిపడేలోగానే కడుగులో కొట్టుకుపోతుంది. పుటల గీతలు మొదటి రోజే లేవు. లోపలి వలయం అక్కడక్కడా తెగి, వంకర్లు పోయింది. థలో చుక్క మాత్రం బాగానే పడింది. అయితే ఆ చుక్కకు ఆనుకోవడానికి పక్కన గీతంటూ ఏమీ లేదు, గుండుసూదిలా ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఎనిమిది నెలల వాడకానికి అది ఊడిపోయింది. నేను గమనించేసరికి ఓ అర బీరువా పుస్తకాలకు 'గ్రంధాలయం' పడిపోయింది.

రెండోది లేజరుతో చెక్కిన రబ్బరు. ఇందులో ప్రతి గీత కిందా వాలు వదులుతారు. గట్టు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉన్నట్టన్న మాట. అందుకే చుక్క ఊడలేదు. కానీ ఈసారి తప్పు నాదే. గట్టిగా కనబడాలని లావు ఫాంటు ఎంచుకున్నాను. వలయాల మధ్య జాగా 5 మిల్లీమీటర్లు. అందులో పైనా కిందా అరేసి మిల్లీమీటరు ఖాళీ పోగా మిగిలింది 4. వత్తులకూ గుడులకూ చోటు పోతే అసలు అక్షరానికి దక్కింది 2 మిల్లీమీటర్లే. అలాంటి థ కడుపు ఒక మిల్లీమీటరు ఉంటే, చుక్క 0.4, దానికి రెండు పక్కలా తెలుపు 0.3 చొప్పున. సిరా ప్రతి అంచు నుంచీ 0.1 పాకినా, ఎదురెదురు అంచుల వల్ల ఆ తెలుపు 0.1కి పడిపోతుంది. పాత నవలల మెత్తటి కాగితం మీద అదీ మిగల్లేదు. థ మొత్తం ఊదా ముద్దైపోయింది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే సైజు మన అక్షరాలకు చాలదని నాకు తెలిసొచ్చింది అప్పుడే.

మూడోదానికి యంత్రం మార్చలేదు, డిజైనే మార్చాను. మండలం, జిల్లా, పిన్ కోడు తీసేసి విడిగా చిన్న దీర్ఘచతురస్రపు స్టాంపులో పెట్టాను. పుస్తకం బొమ్మా పోయింది. రెండు వలయాల్లో సన్నదాన్ని తీసేసి, బయటిది 0.5 మిల్లీమీటర్లు చేశాను. అక్షరాల పట్టీ 7 మిల్లీమీటర్లకు పెరిగింది. ఫాంటు లావుది కాదు, మండలి అనే ఫాంటు. గీత అంతటా ఇంచుమించు ఒకే మందంలో ఉంటుంది, కడుపులు విశాలంగా ఉంటాయి. ఆ థలోని చుక్కను మాత్రం చేత్తో కొంచెం పెద్దది చేశాను.

దుకాణానికి పంపే ముందు, డిజైన్లు గీసే Inkscape సాఫ్ట్‌వేరులో రెండు పరీక్షలు చేశాను. అక్షరాలకు 0.2 మిల్లీమీటర్ల నల్ల అంచు గీత ఇస్తే అందులో సగం బయటికి, అంటే 0.1 పెరుగుతుంది. సిరా పాకితే ఏ కడుపు మూసుకుంటుందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. అదే అంచును తెల్లగా మారిస్తే, అరిగినప్పుడు ముందుగా ఏ గీత పోతుందో కనబడుతుంది. రెండింటినీ అసలు సైజులోనే అచ్చు తీసి, చేయి చాచిన దూరంలో పెట్టి చదవాలి. తెర మీద పెద్దది చేసి చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

ఇది వచ్చి రెండేళ్లు దాటింది. ముఖపుట వెనుకా, మేము ఎంచుకున్న రహస్య పుటలోనూ, చివరి పుటలోనూ వేస్తాం కాబట్టి పుస్తకానికి మూడు ముద్రలు. చుక్క ఇప్పటికీ ఉంది. నడుమ 23 మిల్లీమీటర్ల ఖాళీలో పుస్తకం నంబరు పెన్నుతో రాస్తున్నాం. బొమ్మ ఉన్నప్పుడు నంబరుకు చోటే ఉండేది కాదు.

ప్యాడ్‌కు కొత్తగా సిరా పోసిన రోజు మాత్రం మొదటి పది ముద్రలు చిత్తు కాగితం మీదే వేస్తాను, లేకపోతే థ మళ్లీ నిండుతుంది. నెలకోసారి సబ్బు నీళ్లలో ముంచిన పాత టూత్ బ్రష్‌తో మెల్లగా తోముతాను. చుక్క చుట్టూ పేరుకున్న కాగితపు నూగు వదులుతుంది.

నిగనిగలాడే కాగితపు బొమ్మల పుస్తకాలకు మాత్రం ఈ స్టాంపు పనికిరావడం లేదు. సిరా ఆరదు, పుట మూస్తే ఎదుటి పుటకు అంటుతుంది. వాటికి ముద్రను కాగితం చీటీ మీద వేసి, ఆ చీటీని లోపలి అట్టకు అతికిస్తున్నాను.