కియాసో దగ్గర ఆగిపోయిన చుక్క

మిలాన్‌లో మూడు రోజులూ బాగానే గడిచాయి. నేను చెప్పాల్సింది నాలుగో రోజు గురించి.

ఆ రోజు నాకూ మా ఆయనకూ ఇటలీలోని మిలాన్ నుంచి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌కు రైలు. సుమారు మూడుంపావు గంటల ప్రయాణం. పొద్దున 9కి గది ఖాళీ చేస్తూ, ఎప్పటిలాగే వాట్సాప్‌లో నాన్నకు లైవ్ లొకేషన్ పెట్టాను. అందులో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే ఎంపికలు. 8 గంటలది నొక్కాను. మనం కదులుతున్నకొద్దీ మ్యాపులో చుక్క కదలడం చూస్తే మా నాన్నకు తనూ పక్క సీట్లో కూర్చున్నట్టు ఉంటుందట.

మధ్యాహ్నం కోమో దాటి సరిహద్దు స్టేషన్ కియాసోలో రైలు ఆగింది. అక్కడే నా ఫోన్లో ఇంటర్నెట్ పోయింది. సొరంగాల దారి కదా, వస్తుందిలే అనుకున్నాను. లుగానో వచ్చినా రాలేదు, జ్యూరిక్ వచ్చినా రాలేదు. హోటల్ దారి వెతుక్కుని, వైఫై కలిసేసరికి 4 గంటలయింది. ఒక్కసారిగా 14 మిస్డ్ కాల్స్ వచ్చి పడ్డాయి.

ఇంటి దగ్గర గడియారం మూడున్నర గంటలు ముందు. అక్కడ చీకటి పడిపోయింది. నాలుగు గంటలుగా నా చుక్క రైలు పట్టాల మీద, అదీ సరిహద్దు దగ్గర, కదలకుండా ఉంది. రైలుకేదో అయిందని ఒకసారి, పాస్‌పోర్టు దగ్గర మమ్మల్ని దింపేశారని ఒకసారి అనుకున్నారట. అమ్మ మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఫోన్ తియ్యగానే నాన్న అన్న మొదటి మాట, "అమ్మా, రైలు దిగారా?" ఆ గొంతు విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

తప్పు ఎక్కడుందంటే, మిలాన్‌లో కొన్న సిమ్‌లో. ఒక దుకాణంలో "యూరప్ అంతా పనిచేస్తుంది" అని చెప్పి 25 యూరోలు తీసుకున్నారు. జ్యూరిక్ వెళ్తున్నామని నేను చెప్పాను కూడా. స్విట్జర్లాండ్ యూరప్‌లోనే ఉంది కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. యూనియన్ దేశాల మధ్య అదనపు ఖర్చు లేకుండా రోమింగ్ ఇచ్చే నిబంధన దానికి వర్తించదు. కొన్ని ప్యాకుల్లో ఆ దేశం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మా కవరు వెనక చిన్న అక్షరాల్లో దేశాల పట్టిక ఉంది, అందులో అది లేదు. కాబట్టి "యూరప్" అన్న మాట నమ్మకండి, పట్టికలో మీరు వెళ్లే దేశం పేరు వేలు పెట్టి చూపించమనండి.

నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మనం ఎక్కడున్నామో ఫోన్ ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది, దానికి డేటా అక్కర్లేదు. ఆ సమాచారాన్ని ఇంటికి పంపడానికే డేటా కావాలి. అందుకే నా ఫోన్లో నేను జ్యూరిక్‌లో ఉన్నాను, నాన్న ఫోన్లో కియాసోలోనే ఉన్నాను. డేటా పోయినా, బ్యాటరీ అయిపోయినా, మనిషి నిజంగా ఆగిపోయినా చూసేవాళ్లకు చుక్క ఒకేలా కనిపిస్తుంది. తేడా చెప్పేది దాని పక్కన ఉండే సమయం ఒక్కటే, అంటే చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో అది. రెండు నిమిషాల క్రితం అని ఉండి చుక్క కదలకపోతే మనం అక్కడే ఉన్నట్టు. మూడు గంటల క్రితం అని ఉంటే ఆ చుక్క పాత కబురు. ఈ ఒక్క మాట నేను నాన్నకు బయలుదేరే ముందే చెప్పి ఉండాల్సింది.

ఆ రాత్రే హోటల్ వైఫై మీద, స్విట్జర్లాండ్ పేరు కళ్లారా చూసుకుని, 11 డాలర్లకు ఇంకో ఈ-సిమ్ కొన్నాను. వాట్సాప్ మానేసి గూగుల్ మ్యాప్స్‌లో Until you turn this off అన్నది పెట్టాను. 8 గంటలకోసారి మళ్లీ నొక్కే పని ఉండదు. నా బ్యాటరీ ఎంత శాతం ఉందో కూడా వాళ్లకు కనిపిస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో లొకేషన్ అనుమతిని Allow all the time చేశాను. మా ఆయనకు ఇదంతా నచ్చలేదు. సెలవుకొచ్చి రోజంతా ఎవరో చూస్తున్నట్టుందని మొహం ముడుచుకున్నారు. నా ఫోన్ ఒక్కటే పంచుకుంటానని ఒప్పించాను. తిరిగొచ్చిన రోజే ఆపేశాను కూడా, అది గుర్తుపెట్టుకుని చెయ్యాలి, దానంతటది ఆగదు.

మర్నాడు లూసర్న్ సరస్సులో పడవ ఎక్కి విట్స్‌నౌ వెళ్లాం. మధ్యలో అమ్మ ఫోన్.

"ఏమే, చుక్క నీళ్లలో ఉందేంటే?"

"పడవలో ఉన్నామమ్మా."

"అదే అనుకున్నాం. నిమిషం క్రితం అని ఉందిలే, మీ నాన్న చూశారు."