పెట్టె మీద 10 వాట్లు, ప్యానెల్‌లో ఒకటిన్నర: సోలార్ లాంతరు కొనేముందు ఇది చదవండి

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఉండేవాళ్లకు వానాకాలం కరెంటు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నవంబరులో వాయుగుండం పట్టిందంటే చాలు, ఏదో చెట్టు తీగల మీద పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందంటే లైన్‌మన్ అన్న ఊళ్లోకి వచ్చేసరికి రెండో రోజు అవుతుంది. పోయిన ఏడాది ఆ భయంతోనే తిరుపతిలో ఒక షాపులో 1,450 రూపాయలు పెట్టి సోలార్ లాంతరు కొన్నాను. షాపు పేరు రాయను. అదే పెట్టె వేరే షాపుల్లోనూ చూశాను కాబట్టి పేరు కంటే సరుకు గురించి తెలుసుకోవడమే మీకు పనికొస్తుంది.

పెట్టె మీద అచ్చు వేసింది ఇదీ: ప్యానెల్ 10 వాట్లు, బ్యాటరీ 9900 ఎంఏహెచ్, లైటు 5 వాట్లు, 20 గంటల వెలుగు. "పగలు మిద్దె మీద పెట్టేయండి సార్, రాత్రంతా చూసుకోనక్కర్లేదు" అన్నాడు షాపాయన. మూడు వారాల తర్వాత వాన పట్టింది, సాయంత్రం ఆరున్నరకు కరెంటు పోయింది. లాంతరు వెలిగించాం. ఎనిమిదికి మసకబారింది, తొమ్మిదికి ఆరిపోయింది. మరుసటి రోజంతా మబ్బే. లాంతరును పగలంతా బయట పెట్టినా ఆ రాత్రి పదిహేను నిమిషాలు కూడా వెలగలేదు. "దీనికంటే మా కాలం బుడ్డి దీపమే మేలు కదరా" అంది మా అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

కరెంటు వచ్చాక పాకాలలో మొబైల్ రిపేరు చేసే మా మేనమామ కొడుకు దగ్గరికి తీసుకెళ్లాను. వాడు మొదట ప్యానెల్‌ను స్కేలుతో కొలిచాడు. 12 సెంటీమీటర్లు పొడవు, 7 వెడల్పు, అంటే 84 చదరపు సెంటీమీటర్లు. అప్పుడు వాడు చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. నడినెత్తిన మండే ఎండ ఒక చదరపు మీటరు మీద దాదాపు 1,000 వాట్లు పడుతుంది. ఆ లెక్కన ఈ ముక్క మీద పడే ఎండ మొత్తం కలిపినా 8.4 వాట్లే. పడిన ఎండంతా కరెంటుగా మారినా 10 వాట్లు రావు బావా, అన్నాడు. మంచి ప్యానెల్ అయినా అందులో ఐదో వంతు మాత్రమే కరెంటు చేస్తుంది. అంటే దీనికి ఒకటిన్నర వాట్లు, ఇంకొంచెం. మన ఎండలకు రోజుకు ఐదు గంటల పూర్తి ఎండ వేసుకున్నా, మధ్యలో పోయేది పోగా బ్యాటరీలో చేరేది ఐదు వాట్-గంటలు, అంటే ఐదు వాట్ల లైటు ఒక గంట వెలిగేంత, అంతే. నిజంగా పెట్టె మీద రాసినంత బ్యాటరీ ఉంటే అది 36 వాట్-గంటలు. దాన్ని ఈ ప్యానెల్‌తో నింపాలంటే వారం పడుతుంది!

కానీ బ్యాటరీ కూడా అంత లేదు. విప్పితే లోపల ఒకే ఒక సెల్, మన ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే 18650 రకం. ఆ సైజులో మంచి కంపెనీ సెల్ అయినా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతుంది. 9900 అని రాసిన సెల్ ఎక్కడ కనపడినా అది అబద్ధమే, పరీక్ష చేయాల్సిన పని కూడా లేదు. వాడు కిరాణా కొట్టు త్రాసులో వేసి చూపించాడు, 31 గ్రాములు. అసలు సెల్ 45 గ్రాముల పైన తూగుతుంది. టెస్టర్‌కు పెట్టి పూర్తిగా నింపి ఖాళీ చేస్తే 1,150 ఎంఏహెచ్ చూపించింది. 3.7 వోల్టులతో గుణిస్తే నాలుగు వాట్-గంటల చిల్లర. 5 వాట్లని రాసిన లైటు నిజానికి లాగేది 1.7 వాట్లు. నాలుగింటిని ఒకటీ పాయింట్ ఏడుతో భాగించండి, రెండున్నర గంటలు. ఆరున్నర నుంచి తొమ్మిది వరకు ఎందుకు వెలిగిందో అక్కడ తెలిసింది.

ఇందులో ఇంకో మోసం ఉంది, అది షాపుది కాదు, మన ఆలోచనది. మనకు కరెంటు రోజుల తరబడి పోయేది తుపాను వేళ. అప్పుడు ఎండ ఉండదు. దట్టమైన మబ్బులో ప్యానెల్ మామూలుగా ఇచ్చేదాంట్లో పదో వంతో, ఐదో వంతో ఇస్తుంది. అందుకే సోలార్ ఒక్కటే నమ్ముకున్న లాంతరు వద్దు. కరెంటుతోనూ ఛార్జ్ అయ్యేది కావాలి. తుపాను కబురు వినగానే కరెంటు ఉండగానే నింపి పెట్టుకోవాలి, ఆ రాత్రులు గట్టెక్కించేది బ్యాటరీయే.

నేను రెండోసారి కొన్నది వెల కొంచెం ఎక్కువే. అందులో లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ, 3.2 వోల్టులు, 6000 ఎంఏహెచ్, అంటే 19 వాట్-గంటలు. రెండు వాట్ల వెలుగులో ఎనిమిది గంటలు దాటి వస్తోంది, గడియారం పెట్టి చూశాను. 5 వాట్ల ప్యానెల్ విడిగా, పొడుగు వైరుతో వచ్చింది. పెద్ద పుస్తకమంత ఉంటుంది. షాపులో మీరూ స్కేలు పెట్టి కొలవండి, 100 చదరపు సెంటీమీటర్లకు రెండు వాట్లు దాటడం కష్టం. ప్యానెల్ విడిగా ఉండటం వల్ల ఇంకో లాభం ఏమిటంటే, మే నెలలో మన మిద్దెల మీద లాంతరు కూడా పెడితే ఆ వేడికి లిథియం బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. ప్యానెల్ ఎండలో, లాంతరు నీడలో ఉండాలి.

సోలార్ లేని మామూలు ఎమర్జెన్సీ లైటు తీసుకునేవాళ్లు లోపల ఏ బ్యాటరీ అని అడగండి. చవకవాటిలో చాలావరకు 4 వోల్టుల లెడ్ యాసిడ్ ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి అలమరాలో పడేస్తే నాలుగైదు నెలల్లో ఇక ఛార్జ్ పట్టదు. మా అత్తవాళ్ల ఇంట్లో రెండు అలాగే పోయాయి. వెలిగించినా వెలిగించకపోయినా నెలకొకసారి నింపేవాళ్లయితేనే అది తీసుకోండి.

బ్రాండు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పేరున్న కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి అమ్మేవి చానా ఉన్నాయి, కాబట్టి పేరు ఒక్కటే చూస్తే లాభం లేదు. లిథియం బ్యాటరీకి సరుకుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. నా పాతదాని మీద అసలు నంబరే లేదు. వారంటీ కాగితం కూడా అక్కడే విప్పి చదవండి. నాదానికి పెట్టె మీద ఒక ఏడాది అని పెద్దగా ఉంది, లోపల చిన్న అక్షరాల్లో బ్యాటరీకి వర్తించదు అని ఉంది.

షాపుకు తిరిగి వెళ్తే "కంపెనీని అడగండి సార్" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, బిల్లు ఉందా అని అడిగారు. జేబులో ఉన్నది తెల్ల చిట్టీ. దాని మీద "లైటు 1, 1450" అని పెన్సిల్‌తో రాసి ఉంది, షాపు పేరు కూడా లేదు.