ఆటోపే బిల్లింగ్: వసూలు బాగుంది, ఆపడమే చేతకాదు

నెలకు 299 రూపాయల సభ్యత్వం ఉన్న చిన్న సంగీత పాఠాల సైటుకు ఒక పేమెంట్ గేట్‌వే వారి సబ్‌స్క్రిప్షన్ సదుపాయాన్ని చాలా కాలంగా వాడుతున్నాం. పేరు చెప్పను. ఈ తకరారు ఆ ఒక్క కంపెనీది మాత్రమే అనుకోవడం లేదు. యూపీఐ ఆటోపే పెట్టడం, వెబ్‌హుక్ కలపడం లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

మొదట్లో తెగ నచ్చింది మాత్రం రీట్రై. ఒకటో తారీఖున ఖాతాలో డబ్బు లేక పేమెంట్ ఫెయిలైతే 2, 3, 4 తేదీల్లో తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. జీతాలు పడే రోజులు కాబట్టి ఫెయిలైన వాటిలో చాలావరకు ఈలోపే వసూలవుతాయి, ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. ఈ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ దానికి షరతులున్నాయని తర్వాత తెలిసింది.

మొదటిది గడువు. డబ్బు రాకపోయినా పాఠాలు తెరిచి ఉంచే గ్రేస్ పీరియడ్ డిఫాల్టుగా మూడు రోజులే. అంటే మూడో తారీఖు రాత్రికి పాఠాలు మూతపడతాయి, నాలుగున డబ్బు వసూలవుతుంది. డబ్బు కట్టబోయే మనిషికే తలుపు వేసినట్టు. గ్రేస్ ఎప్పుడూ ఆఖరి రీట్రై దాటి ఉండాలి.

అసలు దెబ్బ లింకు దగ్గర తగిలింది. పేమెంట్ ఫెయిలైన సభ్యుడికి మూడో తారీఖున "ఇక్కడ కట్టండి" అని ఆటోమేటిక్‌గా ఒక మెసేజ్ వెళ్తుంది. ఆయన మర్యాదగా పొద్దున్నే 299 కట్టేశారు. నాలుగో తారీఖున ఆటోపే మళ్లీ 299 లాగేసింది! కారణం వెతికితే, ఆ లింకు విడి బిల్లుగా తయారవుతోంది. సబ్‌స్క్రిప్షన్ ఇన్‌వాయిస్ మాత్రం ఇంకా బాకీగానే ఉంది. సభ్యుడికి డబ్బు వాపసు ఇచ్చినా అది ఆయన ఖాతాలో పడటానికి కొన్ని పనిదినాలు పట్టింది. గేట్‌వే ఫీజు మనకు తిరిగి రాలేదు.

లింకును అదే ఇన్‌వాయిస్‌కు కట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఆటోమేటిక్ డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. అంటే రేపటి కోత ఈరోజే వరుసలో ఉంటుంది, ఇన్‌వాయిస్ చెల్లయినా అది ఆగుతుందన్న భరోసా ఈ సదుపాయంలో లేదు. అందుకే ఇప్పుడు లింకు పంపేది ఆఖరి రీట్రై కూడా ఫెయిలయ్యాక, అంటే ఐదున. గ్రేస్ ఏడో తారీఖు వరకు. ఆలస్యంగా కట్టినా వచ్చే నెల బిల్లు తేదీ ఒకటే, కట్టిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. అలా లెక్కపెడితే తేదీ జరుగుతూ పోయి జీతం అయిపోయే నెలాఖరులో పడుతుంది, ఇక ప్రతినెలా ఫెయిల్.

ఇంకో తిరకాసు: బాకీ ఉన్న సభ్యుడు ఆటోపేకు ఇచ్చిన అనుమతిని, అంటే మ్యాండేట్‌ను, తన యూపీఐ యాప్‌లోనే తీసేస్తే రీట్రై ఎన్నిసార్లు చేసినా దండగ. ఈ సదుపాయం మాత్రం "డబ్బు లేదు", "మ్యాండేట్ లేదు" రెండింటినీ ఒకే "ఫెయిల్డ్" కింద చూపిస్తుంది. ఎర్రర్ కారణాన్ని, గేట్‌వే మన సైటుకు పంపే వెబ్‌హుక్ సందేశం లోపలికి వెళ్లి మనమే చదవాలి. మ్యాండేట్ లేకపోతే రీట్రైలు ఆపి, కొత్త మ్యాండేట్ లింకు అప్పుడే పంపాలి. వరుసలో కోత ఏదీ ఉండదు కాబట్టి ఇక్కడ రెండుసార్లు పోయే భయం లేదు.

పైగా బాకీ లేని సభ్యుడు మ్యాండేట్ తీసేస్తే ఆ క్షణంలోనే సభ్యత్వం "క్యాన్సిల్డ్" అయిపోతుంది, మా సైటు ఆ మాట నమ్మి పాఠాలు మూసేసేది. ఆయన పదో తారీఖున తీసేసినా నెలాఖరు దాకా డబ్బు కట్టి ఉన్నాడు కదా! అందుకే స్టేటస్‌ను పక్కనబెట్టి, డబ్బు ఏ తేదీ వరకు ఉందో దాన్నిబట్టే అనుమతి ఇస్తున్నాం:

```
grace = 7 if status == "past_due" else 0
allow = today <= paid_until + timedelta(days=grace)
```

ఇందులో `paid_until` అంటే డబ్బు కట్టిన నెల ఆఖరి రోజు, గ్రేస్ రోజుల్లో లెక్క. క్యాన్సిల్ చేసినవారికి గ్రేస్ ఉండదు, కానీ కట్టిన నెల పూర్తిగా ఉంటుంది. సైటులోని క్యాన్సిల్ బటన్ కూడా "ఈ నెలాఖరుకు" అనేదే డిఫాల్టు. కానీ ముందస్తు సమాచారం వెళ్లిపోయాక, ముప్పై ఒకటో తారీఖు రాత్రి నొక్కితే ఒక కోత పడే వీలుంది. ఆ సంగతి బటన్ పక్కనే రాసిపెట్టి, పడితే అడగకుండానే వాపసు ఇస్తున్నాం.

ఈ సదుపాయానికి ఐదు మార్కులకు ఇన్ని ఇస్తానని చెప్పలేను. కోడు ముట్టుకునే మనిషి చేతిలో ఉన్నాడు కాబట్టి మాకు నడుస్తోంది. అలాంటి వాళ్లు లేకపోతే, ఏడాది సభ్యత్వాలే ఎక్కువైతే, ఏడాదికోసారి లింకు పంపి వసూలు చేసుకోవడమే తేలిక కావచ్చు. నెలవారీ 299 అయితే మాత్రం ఆ రీట్రైలు లేకుండా నడపలేం.